రాకెట్ పట్టని చేతికి టెన్నిస్ ఎల్బో

“రోజంతా స్క్రూడ్రైవర్ తిప్పే పని నాది, ఏనాడూ టెన్నిస్ ఆడలేదు, మరి మోచేతి బయటివైపు నొప్పిని డాక్టరు గారు టెన్నిస్ ఎల్బో అంటారేమిటి?”

పిడికిలి బిగించినప్పుడు వేళ్లను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి వంచబోతాయి. అలా వంగితే పట్టు సడలుతుంది కనుక, ముంజేతి వెనుకవైపు కండరాలు ప్రతిసారీ మణికట్టును వెనక్కి లాగి నిలబెడతాయి. ఆ లాగుడంతా ఆ కండరాలను మోచేతి బయటి ఎముక బొడిపెకు కలిపే తాడులాంటి చిన్న టెండన్ మీద పడుతుంది. రాకెట్ అయినా స్క్రూడ్రైవర్ అయినా దానికి తేడా లేదు. కోలుకునే వ్యవధి లేకుండా నెలల తరబడి భారం పడితే దాని పోగులు క్రమంగా దెబ్బతింటాయి. ఇది వాపు జబ్బు కన్నా పోగుల అరుగుదలే ఎక్కువ, పైకి వాపు కనిపించకపోవడానికి కారణం ఇదే.

అరచేయి కిందికి ఉంచి కుర్చీని ఎత్తినప్పుడు బొడిపె దగ్గర నొప్పి పుట్టి, అరచేయి పైకి ఉంచి ఎత్తితే తగ్గిందంటే అనుమానం బలపడుతుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా కారణం వేరే కావచ్చు, డాక్టరుకు తప్పక చెప్పండి.

మీ పనిలో లావు పిడి ఉన్న స్క్రూడ్రైవర్, వీలైతే కరెంటుది వాడండి. అరచేయి కిందికి ఉండేలా ముంజేతిని బల్ల మీద ఆనించి, తేలికపాటి బరువుతో మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామం టెండన్‌ను తిరిగి బలపరుస్తుంది, అయితే దానికి వారాలు, నెలలు పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో తొలి వారాల్లో హాయిగా ఉన్నా, ఏడాది గడిచేసరికి అది తీసుకోనివారి కంటే ఫలితం తక్కువగా ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది కనుక, తొందరపడి దానికి ఒప్పుకోవద్దని నా గట్టి అభిప్రాయం.