నాన్న బిర్యానీ వద్దన్నది ధర చూసి కాదు, మెనూ కార్డు చూసి

మొన్న ఆదివారం నాన్న పుట్టినరోజని అందరం కలిసి ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్లాం. నాన్నకు డెబ్బై దాటాయి. కళ్లజోడు సర్దుకుని, మెనూలో ఫ్రై పీస్ బిర్యానీ మీద వేలు పెట్టి, ఆ వేలిని మెల్లగా కుడివైపుకు జరుపుకుంటూ పోయారు. ధర దగ్గరికి చేరేసరికి వేలు ఒక వరస కిందికి జారింది. 290 చదవాల్సింది 420 చదివారు. అది మటన్ బిర్యానీ రేటు. "ఇంతెందుకురా, నాకు పెరుగన్నం చాలు" అన్నారు. నేను కార్డు లాక్కుని చూపించేదాకా ఒప్పుకోలేదు.

పదిహేనేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. బోలెడు మెనూ కార్డులు చేశాను. అందుకే నాకు ఆ కార్డు మీద అంత కోపం వచ్చింది.

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. ఐటమ్ పేరు ఎడమ అంచున ఐదారు సెంటీమీటర్లలో అయిపోయింది. ధరేమో కుడి అంచున ఉంది. మధ్యలో దాదాపు అర జానెడు ఖాళీ. వరసలు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు అంత దూరం దాటేటప్పుడు ఎవరి కన్నయినా పక్క వరసలోకి జారుతుంది, వయసుతో పనిలేదు. పోనీ చుక్కలు పెట్టారా అంటే, ఫుల్‌స్టాప్ మీట నొక్కుతూ కొట్టిన చుక్కలవి. ఒక్కో పేరు ఒక్కో పొడవు ఉంటుంది కాబట్టి అలా కొట్టిన చుక్కలు ఎప్పటికీ ఒకేచోట ఆగవు. ధరలన్నీ వంకరటింకరగా మెట్లలా కనిపిస్తే, అది మీట నొక్కి చేసిన పనేనని దూరం నుంచే చెప్పేయొచ్చు. రేపు 90 కాస్తా 110 అయితే ఆ వరస మళ్లీ చెదురుతుంది.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. అటూ ఇటూ ఒకటిన్నర సెంటీమీటరు మార్జిన్, మధ్యలో ఒక సెంటీమీటరు వదిలి పేజీని రెండు కాలమ్‌లు చేస్తే, ఒక్కోటి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు వస్తుంది. వర్డ్‌లో Tabs పెట్టె తెరిచి 8.5 cm దగ్గర Right ఎంచుకుని, Leader లో చుక్కల గీత పెట్టాలి. పేరు కొట్టి, ఒక్కసారి Tab నొక్కి, ధర కొట్టడమే. అంకెలన్నీ కుడి అంచుకు ఆనుకుంటాయి, ఒకట్ల కింద ఒకట్లు వస్తాయి. హాఫ్, ఫుల్ రెండూ ఉంటే రెండు ట్యాబ్‌లు పెట్టి, ఆ రెండు మాటలూ సెక్షన్ పైన రాయాలి. ఇంకొక్కటి: కొన్నిచోట్ల 240/- అని, కొన్నిచోట్ల రూ.240 అని రాస్తే ఈ కష్టమంతా వృథా. పేజీ పైన "ధరలు రూపాయల్లో" అని ఒక్కసారి రాసి, కింద అంకె మాత్రం ఉంచాలి.

ధరలు ఒకే వరసలో ఉంటే జనం పేర్లు వదిలేసి చౌకది ఏదో వెతుక్కుంటారని కొందరు ఓనర్లు నాతో వాదిస్తారు. పేరు పక్కనే ధర కలిపేయమంటారు. నేను ఒప్పుకోను. ఆరుగురు కుటుంబం లెక్క వేసుకునే వస్తుంది. లెక్క తేలకపోతే మా నాన్నలాగే పెరుగన్నం దగ్గర ఆగిపోతుంది.

సెక్షన్ల సంగతి ఇంతకంటే ఘోరం. ఆ కార్డులో "తందూరి" అని ఒక సెక్షన్. పనీర్ టిక్కా, దాని కింద తంగ్డీ కబాబ్, దాని కింద బటర్ నాన్. ఎందుకలా? మూడూ ఒకే పొయ్యి మీద అవుతాయి కాబట్టి. అది వంటవాళ్ల లెక్క, తినేవాళ్ల లెక్క కాదు. మా పెద్దమ్మ శనివారం నాన్‌వెజ్ ముట్టదు. ఆమె వెజ్ కోసం ప్రతి సెక్షనూ వెతకాలా? వెజ్ కూరల చివర ఎగ్ మసాలా కూడా పెట్టారు. స్టార్టర్లలో వెజ్ వేరు, నాన్‌వెజ్ వేరు ఉండాలి. కోడిగుడ్డు ఐటమ్స్ నాన్‌వెజ్ వైపే ఉండాలి. రోటీలు, నాన్‌లు కూరలున్న పేజీలోనే ఉండాలి, ఎందుకంటే ఆ రెండూ కలిపే చెప్తాం. రైతా, ఎక్స్‌ట్రా రైస్ బిర్యానీల కిందే రావాలి.

గీతల విషయానికొస్తే, ప్రతి ఐటమ్ చుట్టూ డబ్బా గీస్తే ఏదీ విడిగా కనపడదు. రెండు సెక్షన్ల మధ్య ఒక్క సన్నగీత చాలు. హెడింగ్ పైన ఎనిమిది మిల్లీమీటర్లు, కింద మూడు వదిలితే అది ఏ లిస్టుకు చెందిందో అడగక్కర్లేకుండా తెలుస్తుంది. పైన, కింద సమానంగా వదిలితే హెడింగ్ మధ్యలో వేలాడుతుంది.

ఇంటికొచ్చాక ఆ కార్డులోని బిర్యానీ పేజీని ఇలాగే మళ్లీ కొట్టి, ప్రింట్ తీసి నాన్నకిచ్చాను. హాల్లో లైటు తగ్గించి, ఫ్రై పీస్ ఎంత నాన్నా అని అడిగాను. వేలు పెట్టకుండానే "రెండు వందల తొంభై" అన్నారు.