పసుపు తలకు నెలరోజుల ఆయుష్షు

మా మేనల్లుడు తలకి మూడో నంబర్ మిషన్ పెట్టించి, మిగిలిన జుట్టుని బ్లీచ్ చేయించుకున్నాడు. ఈ పరిణామాన్ని ఆర్థిక కోణంలో చూడటం పెద్దవాడిగా నా బాధ్యత.

మూడో నంబర్ అంటే ఇంచుమించు సెంటీమీటరు. జుట్టు నెలకు పెరిగేదీ అంతే. రెండు వారాలకి అడుగున అర సెంటీమీటరు నలుపు తేలుతుంది. షేపు పోయిందని మళ్ళీ మిషన్ పెట్టిస్తే, డబ్బు పోసి తెచ్చుకున్న పసుపులో సగం సెలూన్ నేల మీద రాలుతుంది. నెలాఖరుకి మిగతా సగం. తిరుమలలో గుండు ఉచితం, పైగా పుణ్యం. వీడిది నెలవారీ చందా.

మన నలుపు కూడా ఆషామాషీది కాదు. బ్లీచ్ పౌడర్‌లో డెవలపర్ కలిపి పూస్తే ముందు ఇటుక రంగు, తర్వాత నారింజ, ఆ తర్వాత గానీ అరటితొక్క లోపలి రంగు రాదు. టోనర్ వేయాల్సింది అప్పుడు. అందులోని ఊదా పసుపుని అణచగలదు గానీ నారింజ దాని మాట వినదు. మావాడు నారింజ దగ్గరే ఓపిక చచ్చి టోనర్ వేయించేశాడు. మా అక్క తలుపు తీసి, "తలకి తుప్పు పట్టిందేంట్రా?" అంది.

పరువు సమస్య కాబట్టి వారానికే మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఘాటైన డెవలపర్. శుభ్రంగా ఉండాలని పొద్దున్నే షాంపూ చేసుకుని, మిషన్ గీతలు ఆరకముందే కూర్చున్నాడు. నిజానికి ఒకటి రెండు రోజులు తలంటుకోకుండా వెళ్ళాలి, చర్మం మీది జిడ్డే కాస్త కాపు. పొట్టి జుట్టులో మందు పూర్తిగా మాడు మీదే కూర్చుంటుంది, ఒంటి వేడికి ఇంకా జోరుగా పనిచేస్తుంది. కాస్త చురుక్కుమనడం వేరు, మంట వేరు. మంటైతే ఆ క్షణమే కడిగించాలి. వీడు మగతనం కొద్దీ పళ్ళు బిగించాడు. మర్నాటికి మాడు మీద పొక్కులు, దిండు గలీబుకి రసి.

చర్మం డాక్టరు గారు పుండ్లు పూర్తిగా మానేదాకా బ్లీచ్ వద్దన్నారు. ఆ తర్వాతైనా ముందు చెవి వెనక కొంచెం రాసి, 48 గంటలు చూసుకోమన్నారు. అంత ఓపికే ఉంటే నారింజ దగ్గర ఆగేవాడా?

దీనికి అంతర్జాతీయ పూర్వాపరాలూ ఉన్నాయి. 1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో రుమేనియా ఆటగాళ్ళు మూకుమ్మడిగా పసుపు తలలతో దిగి ట్యునీషియాతో 1-1 డ్రా చేసుకున్నారు. తర్వాతి మ్యాచ్‌లో క్రొయేషియా ఇంటికి పంపింది. గోల్‌కీపర్ది గుండు కాబట్టి బతికిపోయాడు.

మొన్న మావాడి చివరి పసుపు కూడా రాలింది. ఊడుస్తున్న కుర్రాడు చీపురు ఆపి, "అన్నా, ఈసారి నీలం వేద్దామా?" అన్నాడట. నీలానికీ ముందు బ్లీచే కొట్టాలి. మావాడు ఆలోచించి చెబుతానన్నాడు.