తునికాకు చుట్టినంత మాత్రాన పొగ మారదు

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక టీ బండి దగ్గర ఒక కుర్రాడు రోజూ సాయంత్రం చిన్న సంచీ తీసి, పలుచటి కాగితం మీద పొగాకు పరిచి, ఓపికగా చుట్టుకుంటాడు. సిగరెట్ మానేశావా అని అడిగితే, "మానేసినట్టే సార్, ఇది ఒట్టి ఆకు. ఫ్యాక్టరీ కెమికల్స్ ఉండవు" అన్నాడు. మా ఊళ్లో చుట్ట తాగే పెద్దాయన కూడా సిగరెట్‌ను చూపించి ఇదే మాట అనేవాడు. చదువులోనూ జీతంలోనూ ఇద్దరికీ పోలికే లేదు. నమ్మకం మాత్రం ఒకటే.

ముందు ఆ కుర్రాడి సంచీ సంగతి. విడిగా అమ్మే పొగాకు ఎండిపోతే పొడి అయిపోతుంది, చుట్టడానికి రాదు. అందుకే తడి ఆరకుండా గ్లిజరిన్ లాంటివి కలుపుతారు. న్యూజిలాండ్‌లో పొగాకు కంపెనీలే ప్రభుత్వానికి ఇచ్చిన లెక్కల ప్రకారం, చేత్తో చుట్టుకునే పొగాకులో కలిపే పదార్థాలు పొడి బరువులో దాదాపు 18 శాతం. ఫ్యాక్టరీ సిగరెట్‌లో అవి అర శాతం. అంటే 'కలపని ఆకు' అనుకుని కొనేదాంట్లోనే కలిపినవి ఎక్కువ. మన దగ్గర దొరికే ప్రతి సంచీలోనూ ఇంతే ఉంటుందని అనను. కానీ చుట్టడం చేత్తో జరిగింది కాబట్టి లోపలిది కూడా సహజమేనని అనుకోవడానికి ఆధారం లేదు.

సరే, ఏమీ కలపని ఆకే తీసుకుందాం. పొలంలో పెరిగిన పొగాకు ఆకు అమాయకమైనదేమీ కాదు. నికోటిన్ అనేది పురుగుల నుంచి తనను కాపాడుకోవడానికి మొక్క తయారు చేసుకున్న విషం. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు కాచే అగ్ని అస్త్రంలో వెల్లుల్లి, పచ్చిమిర్చితో పాటు పొగాకు కూడా వేసేది అందుకే. తడి ఆకు కోసే కూలీలకు చర్మం గుండానే నికోటిన్ ఒంట్లోకి దిగి వాంతులు, తల తిరగడం వస్తాయి. ఫ్యాక్టరీ గేటు ఇంకా చాలా దూరంలో ఉండగానే ఇది జరుగుతుంది.

కోశాక ఆకును ఆరబెడతారు. క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు ప్రధానంగా పుట్టేది అక్కడే. ఆకులోని నైట్రేట్‌ను సూక్ష్మజీవులు నైట్రైట్‌గా మారుస్తాయి, అది నికోటిన్‌ లాంటి ఆల్కలాయిడ్లతో కలుస్తుంది. ఎవరూ ఏదీ చల్లక్కర్లేదు, గాలి, తేమ, రోజులు చాలు. చివరికి ఆకుకు నిప్పు పెడతాం. కార్బన్ మోనాక్సైడ్, తారు, బెంజోపైరీన్ ఏ ఆకు కాలినా వచ్చేవే. ఎండు వేపాకు కాల్చి పీల్చినా వస్తాయి.

ఇక బీడీ. కేంద్ర ప్రభుత్వం 2016-17లో జరిపించిన పెద్దల పొగాకు సర్వేలో దేశంలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం. పొగ తాగడంలో మనకు అసలు సమస్య బీడీయే. నిజామాబాద్, సిరిసిల్ల వైపు మహిళలు ఒళ్లో చాట పెట్టుకుని, నానబెట్టిన తునికాకును కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కడతారు. కూలి లెక్క వెయ్యి బీడీలకు. ఒక్కో బీడీలో ఉండే పొగాకు సుమారు 0.2 గ్రాములు, సిగరెట్‌లో మూడో వంతు కూడా ఉండదు. కాబట్టి హాని కూడా మూడో వంతేనని ఎవరికైనా అనిపిస్తుంది.

లెక్క తప్పేది తునికాకు దగ్గర. సిగరెట్ కాగితంలో గాలి ఆడుతుంది, పక్కన పెట్టినా దానంతటదే కాలుతుంది. తునికాకులోంచి గాలి అంతగా దూరదు. కాసేపు వదిలేస్తే బీడీ ఆరిపోతుంది. ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. బీడీ తాగేవాళ్ల బుగ్గలు ఎలా లోపలికి పోతాయో ఒకసారి గమనించండి. గ్రాముకు నికోటిన్ కూడా బీడీ తంబాకులోనే ఎక్కువ. అమెరికాలో జరిగిన ప్రయోగాల్లో బీడీ తాగినవాళ్ల రక్తంలో నికోటిన్ సిగరెట్ తాగినవాళ్లకన్నా తక్కువగా ఏమీ తేలలేదు. ముంబైలో దాదాపు లక్ష మందిని ఏళ్ల తరబడి గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, పొగాకు ముట్టని మగవాళ్లలో 100 మరణాలు ఉంటే సిగరెట్ తాగేవాళ్లలో 137, బీడీ తాగేవాళ్లలో 164 ఉన్నాయి. బీడీ తాగేవాళ్లలో పేదలు ఎక్కువ కాబట్టి ఆ తేడా మొత్తాన్నీ బీడీ ఖాతాలో రాయలేం. కానీ బీడీ సిగరెట్ కంటే మేలని ఈ అంకెల నుంచి ఎవరూ చెప్పలేరు.

చుట్ట విషయంలో మాత్రం పెద్దాయన మాటలో పావలా నిజం ఉంది. ప్రకాశం జిల్లాలో బ్యారన్లనే వేడి గదుల్లో ఆరబెట్టే వర్జీనియా ఆకులో చక్కెరలు ఎక్కువ, దాని పొగ ఆమ్ల గుణం కలది. అలాంటి పొగలోని నికోటిన్ ఒంటికి పట్టాలంటే ఊపిరితిత్తుల దాకా పీల్చాల్సిందే. చుట్టలకు వాడే నాటు ఆకు పొగ క్షార గుణం కలది, గొంతులో గుచ్చుకుంటుంది, అందుకే లోపలికి పీల్చరు. నోటి పొరల నుంచే నికోటిన్ ఎక్కుతుంది. ఊపిరితిత్తులకు ఆ మేరకు భారం తగ్గుతుంది, ఆ భారం నోటి మీద పడుతుంది.

ఎంత పడుతుందో ఉత్తరాంధ్ర చెబుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో మహిళలు చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. సముద్రపు గాలికి ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. 10,169 మంది గ్రామస్థుల అంగుళ్లను పరీక్షించిన ఒక అధ్యయనం 1971లో వెలువడింది. మిగతా చోట్ల అంగుట్లో క్యాన్సర్ అరుదు, అడ్డపొగ ఉన్న చోట అది తరచూ కనబడే జబ్బు. అంగుడు తెల్లగా మందమెక్కి, ఎర్రటి చుక్కలు కనబడటం తొలి గుర్తు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ ఆస్పత్రికి వెళ్లరు. నొప్పి లేకుండానే ఎర్రటి పుండు పడితే ఆలస్యం చేయకూడదు. ఇందులో ఫ్యాక్టరీ లేదు, కాగితం లేదు, కలిపిన రసాయనం ఒక్కటీ లేదు.

'సహజం' అనే మాటకు గిరాకీ ఉందని కంపెనీలకు తెలుసు. అమెరికాలో 'నేచురల్ అమెరికన్ స్పిరిట్' అనే సిగరెట్‌ను ఏమీ కలపని పొగాకు అంటూ అమ్మితే, 'కలపలేదంటే సురక్షితం అని కాదు' అని ప్రకటనల్లోనే రాయాలని అక్కడి వాణిజ్య కమిషన్ 2000లో పట్టుబట్టింది. 2017లో ఆ వర్ణనలు మానేస్తామని కంపెనీ ఒప్పుకుంది, బ్రాండు పేరులో 'నేచురల్' మాత్రం ఉండిపోయింది.

మనం ఇంకో దారి పట్టాం. 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి సిగరెట్‌ను 40 శాతం శ్రేణిలోకి పంపి, బీడీని 28 నుంచి 18 శాతానికి దించాలని నిర్ణయించింది. చుట్టే మహిళల ఉపాధి గురించిన బెంగ అర్థమవుతుంది. కానీ తాగేవాడికి అందే సంకేతం, బీడీ కాస్త తక్కువ పాపమని. సంతలో నారతో కట్టి అమ్మే చుట్టల కట్టకైతే ఆ మాత్రం లెక్కా లేదు. ప్యాకెట్టే లేదు కాబట్టి, ప్యాకెట్టులో 85 శాతం ఆక్రమించాల్సిన పుండు బొమ్మా దాని మీద లేదు.