మా మేనకోడలి బి1 జాతకం

మా బావగారు ఏ విషయమైనా ముహూర్తం చూడనిదే మొదలుపెట్టరు. కూతురు నర్సు. జర్మనీ వెళ్లాలనుకుంటోంది. జర్మన్ భాష నేర్చుకోవడంలో ఎ1, ఎ2 తర్వాత వచ్చే మెట్టు పేరు బి1. అందుకని ఒక ఆదివారం ఆయన నన్ను పిలిచి, "ఒరేయ్, లెక్కలు నీకు వచ్చు. దీనికి బి1 ఎన్నాళ్లలో వస్తుందో తేల్చి చెప్పు" అన్నారు. సందు చివర గోడ మీద 'మూడు నెలల్లో బి1' అని పోస్టరు ఉంది. అది చూసి ఆయన అప్పటికే సూట్‌కేసు కొనేశారు.

బాధ్యత గల మనిషిగా భాగహారానికి కూర్చున్నాను. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం బి1 పరీక్షకు 350 నుంచి 650 పీరియడ్లు కావాలి. ఒక్కో పీరియడు 45 నిమిషాలు. దాన్ని గంట అనుకుంటే లెక్క మొదట్లోనే తప్పుతుంది. మరో సంగతి, ఆ పీరియడ్లు ఓనమాల నుంచి మొత్తం కలిపినవి, ఎ2 అయ్యాక కొత్తగా లెక్కపెట్టేవి కావు. మధ్యలో 500 తీసుకున్నాను. అంటే 375 గంటలు. అమ్మాయి వారానికి 6 గంటలు చదువుతానంది. 375ను 6తో భాగిస్తే 62 వారాల పైచిలుకు, అంటే 14 నెలలు దాటుతుంది.

బావగారు నా వంక జాలిగా చూశారు. "మరి పోస్టరు అబద్ధమా?"

అబద్ధం కాదు. తక్కువలో తక్కువ 350 పీరియడ్లంటే 262 గంటలు చిల్లర. వాటిని 12 వారాలకు పంచితే వారానికి 22 గంటలు. అదీ క్లాసులోనే, హోంవర్కు వేరు. నైట్ డ్యూటీలు చేసే పిల్ల కాకుండా ఇంకెవరైనా అయితే నిక్షేపంగా కుదురుతుంది. పోస్టరు మీద 'ఉద్యోగం మానేస్తే' అన్న మాట వెయ్యడానికి చోటు చాలలేదు, అంతే.

ఆయన ఓడిపోయే మనిషి కారు. మర్నాడు ఇంకో ఆధారం పట్టుకొచ్చారు. అమెరికా విదేశాంగ శాఖ వాళ్లు తమ దౌత్యవేత్తలకు జర్మన్ నేర్పడానికి సుమారు 36 వారాలు పెడతారట, తెలుగుకు 44. "చూశావా! మనది జర్మన్ కంటే కష్టమైన భాష. కష్టమైనదే వచ్చినవాళ్లకు తేలికైనది ఎంతసేపు?" అన్నారు. ఇంతటి తర్కాన్ని కాదనడానికి మనసొప్పలేదు గానీ, ఆ పట్టిక ఇంగ్లీషు తల్లిభాషగా పెరిగినవాళ్లది. పైగా వాళ్లు జీతం తీసుకుంటూ వారానికి పాతిక గంటల దాకా క్లాసులో కూర్చుంటారు.

అయితే తెలుగువాళ్లకు కొన్ని వరాలు లేకపోలేదు. జర్మన్‌లో 'ఎందుకంటే' అని మొదలైన ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషు దొర అక్కడ తడబడతాడు, మనకు అది ఇల్లు. విభక్తులు చిన్నప్పుడే వల్లించాం. వాళ్లకు 'అమ్మాయి' నపుంసకలింగమట. 'అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది' అనే జాతికి అందులో వింతేముంది? చిక్కంతా భోజనం బల్ల దగ్గరే. చెంచా పుంలింగం, ఫోర్కు స్త్రీలింగం, కత్తి నపుంసకం. ఎందుకని అడగకుండా బట్టీ కొట్టాలి. అక్కడ గంటలు కరిగిపోతాయి. 350కీ 650కీ మధ్య అంత ఎడం ఉండటానికి ఇలాంటి మంచీ చెడూ కూడా ఒక కారణం.

అసలు కారణం మాత్రం మా మేనకోడలి పుస్తకంలో దొరికింది. నిజంగా చదివిన గంటలు రాయమని ఎనిమిది వారాలు వెంటపడ్డాను. వరసగా ఆరు, ఆరు, ఒకటిన్నర, ఐదు, సున్నా, నాలుగు, రెండున్నర, ఐదు. ఒకటిన్నర నైట్ డ్యూటీ వారం. సున్నా పిన్ని కూతురి పెళ్లి. ఆ తర్వాతి నాలుగులో రెండు గంటలు పెళ్లికి ముందు నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోవడానికే పోయాయి. పోనీ, పూర్తిగానే లెక్కేశాను. మొత్తం 30 గంటలు, వారానికి మూడుంముప్పావు. ఇప్పుడు 375ను భాగిస్తే సరిగ్గా 100 వారాలు, అంటే 23 నెలలు. బుర్రా అదృష్టమూ కలిసొచ్చి 350 పీరియడ్లు చాలితే 16 నెలలు, 650 పడితే 30.

"మావయ్యా, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూసిన జర్మన్ సీరియల్ గంటలు కలపలేదు నువ్వు" అంది అమ్మాయి. మాట్లాడే పరీక్షలో సబ్‌టైటిల్స్ ఇస్తారేమో కనుక్కోమన్నాను. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో నూటికి 60 రావాలి. ఒకటి తప్పితే అదొక్కటే మళ్లీ రాయొచ్చు. కాబట్టి 23 నెలలన్నది కూడా మూడు భాగాలకు సరిపోయి, నాలుగోదానికి చాలకపోవచ్చు. నర్సుగా పూర్తి గుర్తింపుకు సాధారణంగా అడిగేది దాని పై మెట్టు బి2 అన్న ముక్క ఆ రోజుకు నేను నోట్లోనే ఉంచుకున్నాను.

బావగారు అంతా ఓపిగ్గా విన్నారు. కళ్లజోడు సర్దుకుని పంచాంగం తెరిచారు.

"సరే, ఇరవై మూడు నెలలే అనుకుందాం. ఉదయమా, సాయంత్రమా?"