పేర్లు కలవకపోతే నామినీ ఉన్నా తిప్పలే

ఉద్యోగం పర్లాకిమిడిలో, బ్యాంకు ఖాతా అయిదు నిమిషాల దూరంలో సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో, జబ్బు చేస్తే విశాఖ ఆసుపత్రి, పిల్లలు హైదరాబాదులోనో భువనేశ్వర్‌లోనో. ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో చాలా తెలుగు కుటుంబాల బతుకు ఇలాగే రెండు రాష్ట్రాల మీద పరుచుకుని ఉంటుంది. మనిషి ఉన్నన్నాళ్ళూ దీంతో వచ్చే ఇబ్బంది పెద్దగా ఏమీ లేదు. ఆయన పోయాక ఆ డబ్బు కోసం ఇంట్లోవాళ్ళు తిరిగేటప్పుడు తెలుస్తుంది, ఒక్కో కాగితం మీద ఆయన ఒక్కో మనిషని.

ఒక రిటైర్డ్ మాస్టారిని ఊహించుకుందాం. ఇంటిపేరు గేదెల, పేరు అప్పలరాజు. ఆధార్‌లో Gedela Appala Raju. పాన్ కార్డు దరఖాస్తులో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది, కార్డు మీద అది చివరికి వెళ్తుంది కాబట్టి అక్కడ APPALA RAJU GEDELA. ముప్ఫై ఏళ్ళ కిందట తెరిచిన బ్యాంకు పాస్‌బుక్‌లో G. APPALARAJU. పెన్షన్ కాగితాల్లో G.A. RAJU. ఆయనకి ఇదంతా మామూలే, ఎవరూ అడగలేదు. గుండెపోటు వచ్చి విశాఖలో చేర్పించినప్పుడు కంగారులో మేనల్లుడు కౌంటర్ దగ్గర చెప్పిన పేరు, ‘జి. రాజు’. కేస్ షీట్ మీద అదే పడింది. మాస్టారు అక్కడే పోయారు.

మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, ఆయన ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్న దానితో పని లేదు. అందుకే ఈ మరణ ధ్రువపత్రం పర్లాకిమిడి మునిసిపాలిటీ ఇవ్వదు, విశాఖ నగరపాలక సంస్థే ఇవ్వాలి. ఆసుపత్రి పంపిన వివరాల్లో ఏ పేరుంటే సర్టిఫికెట్ మీద ఆ పేరే వస్తుంది. ఇక భార్య ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, ఈ జి. రాజు, మా రికార్డులో ఉన్నాయన ఒకరేనా అని. గుమస్తాని తిట్టుకుని లాభం లేదు, డబ్బు తప్పుడు మనిషికి ఇస్తే అతని మెడకే చుట్టుకుంటుంది. జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ కింద పేరు సరిచేయించుకోవచ్చు, కానీ దానికి మళ్ళీ విశాఖ వెళ్ళాలి, ఆధార్, పాన్ చూపించాలి, ఆసుపత్రి రికార్డు తెప్పించాలి. లేదంటే ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ రాయించి ఒక్కో సంస్థ దగ్గరా ఒప్పించాలి. ఒకచోట ఒప్పుకున్నది ఇంకోచోట ఒప్పుకోరు.

ఇంత తిరుగుడూ తప్పించడానికి అప్పుడు కావలసింది ఒక్క పని. ఆసుపత్రిలో చేర్పించిన రోజే, లేదా కనీసం మరణ నివేదిక పైకి పంపేలోపు, రికార్డుల గదిలో ఆధార్ జిరాక్స్ ఇచ్చి పేరు, తండ్రి పేరు, ఒడిశా చిరునామా అందులో ఉన్నట్టే రాయించడం. ఆ టెన్షన్‌లో ఇదెవరికి గుర్తుంటుందంటే, ముందే చెప్పి ఉంచితే ఎవరో ఒకరికి ఉంటుంది. అంతకంటే మంచిది బతికుండగానే బ్యాంకుకి వెళ్ళి పాస్‌బుక్ మీది పేరుని పాన్‌తో కలపడం. కేవైసీ మార్పు ఫారంతో అయిపోయే పని అది. పాన్, ఆధార్ రెండిట్లోనూ ఒకే వరసలో ఒకే స్పెల్లింగ్ ఉంటే మిగతావన్నీ వాటి వెంట నడుస్తాయి. మన ఇళ్ళలో ఇంటిపేరు ముందు, ఒడిశా కాగితాల్లో చివర. ఏది పెట్టుకున్నా ఫర్వాలేదు, అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

ఇప్పుడు మాస్టారి డబ్బు విడివిడిగా చూద్దాం. ఆరు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ భార్యతో కలిపి ఉంది. చాలామంది జాయింట్ అనగానే సరిపోయింది అనుకుంటారు, అసలు చూడాల్సింది డిపాజిట్ రసీదు మీద పేర్ల పక్కన ఏం రాసి ఉందో. Either or Survivor అని ఉంటే ఒకరు పోయాక రెండోవారికి ఆ డబ్బు నేరుగా ఇస్తారు, నామినీతో అవసరమే రాదు. ఉత్త Jointly అని ఉంటే బతికున్నవారొక్కరే సంతకం పెడితే చాలదు, పోయినవారి వారసులు కూడా రావాలి. మాస్టారు మంచి పనే చేశారు, ఆ పెట్టెలో సరైన టిక్కు పెట్టారు. జాయింట్ ఖాతాకి నామినీగా కొడుకుని రాసి, నాన్న పోయాక ఆ డబ్బు కొడుక్కే వస్తుందని గొడవపడే ఇళ్ళూ లేకపోలేదు. అలా రాదు. ఇద్దరూ పోయాకే నామినీ వంతు. మ్యూచువల్ ఫండ్ జాయింట్ ఫోలియోలకీ ఇదే వరస.

పాతపట్నం సేవింగ్స్ ఖాతాలో రెండు లక్షల ముప్ఫై వేలు, ఒంటరి పేరు మీద. నామినీ ఉన్నారు, కాకపోతే మాస్టారు తన పెళ్ళికి ముందు రాయించింది తల్లి పేరు, ఆమె ముందే కాలం చేశారు. పాస్‌బుక్ మొదటి పేజీ మీద Nomination Registered అని మాత్రం దర్జాగా అచ్చయి ఉంటుంది. నామినీ ఉన్నారని చెబుతుందే గాని ఎవరో చెప్పదు! ఖాతాదారు ఒప్పుకుంటే నామినీ పేరు కూడా పాస్‌బుక్ మీద ముద్రించాలని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది, అడిగి వేయించుకోవాలి. ఇలా నామినీ లేకుండా పోయిన ఖాతాల్లోనూ మొత్తం పదిహేను లక్షల లోపైతే, సహకార బ్యాంకుల్లో అయిదు లక్షల లోపైతే, వివాదమేమీ లేనప్పుడు కోర్టు సర్టిఫికెట్ అడగకుండా ఇవ్వాలని 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు చెబుతున్నాయి. క్లెయిమ్ ఫారం, హామీ పత్రం, మిగతా వారసులు మాకు అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం, వారసులెవరో చెప్పే ధ్రువపత్రం చాలు. కాగితాలన్నీ అందాక పదిహేను రోజుల్లో తేల్చాలి. అయితే వారసుల ధ్రువపత్రానికి దరఖాస్తు ఆయన స్థిరనివాసం ఉన్నచోట, అంటే ఒడిశా తహసీల్దారు దగ్గర పెట్టాలి. ఖాతా పాతపట్నంలో ఉందని అక్కడి తహసీల్దారు ఇవ్వరు. ఇది తెలియక రెండు ఆఫీసుల మధ్య తిరిగేవాళ్ళు చాలామంది.

2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలని పెట్టుకోవచ్చు. వాటాలు వేసి అందరికీ ఒకేసారి ఇమ్మనొచ్చు, లేదా ఒకరు లేకపోతే ఇంకొకరని వరసగా రాయొచ్చు. మాస్టారి లాంటి ఇళ్ళకి ఈ రెండోదే మేలు. తల్లి లేకపోతే భార్య, భార్య లేకపోతే కూతురు అని రాసి ఉంటే ఆ ఖాతా ఇలా ఆగేది కాదు. లాకర్లకైతే వరస పద్ధతి ఒక్కటే ఉంది.

మ్యూచువల్ ఫండ్లలో దాదాపు నాలుగు లక్షలు, నామినీ భార్యే, పేరు కూడా సరిగ్గా ఉంది. ఇక్కడ చిక్కు వేరేచోట. నామినీకి డబ్బు ఇవ్వరు, ముందు యూనిట్లు ఆమె పేరు మీదకి మారుస్తారు, ఆ తర్వాత ఆమె అమ్ముకోవాలి. దానికి ఆమెకి సొంత పాన్, కేవైసీ, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా, ఆ ఖాతా రద్దు చెక్కు కావాలి. అరవై దాటిన గృహిణికి పాన్ కార్డు లేదు, ఎప్పుడూ అవసరం రాలేదు. అందులో పేరు మళ్ళీ ఆధార్‌తో కలవాలి. ఒంటికాలి మీద పరుగెత్తాల్సిన ఆ సమయంలో కొత్తగా పాన్ తీయడం మొదలుపెడతారు. నామినీగా ఎవరిని రాశారో వాళ్ళకి పాన్, ఖాతా ఉన్నాయా అని ఇవాళే చూసుకోవడం నామినేషన్ కంటే తక్కువ పనేమీ కాదు.

ఇంకో మాట, ఇది చాలా ఇళ్ళలో కన్నీళ్ళకి కారణం. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, ఆ డబ్బుకి యజమాని కావాలని లేదు. సుప్రీంకోర్టు బీమా విషయంలో 1983 డిసెంబరులో, కంపెనీ షేర్ల విషయంలో 2023 డిసెంబరులో ఇదే చెప్పింది. వీలునామా లేని హిందూ పురుషుడి స్వార్జితం భార్యకి, పిల్లలకి, ఆయన తల్లి బతికుంటే ఆమెకీ సమానంగా వెళ్తుంది. మాస్టారికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు కాబట్టి ముగ్గురికీ మూడు వాటాలు, నామినీ పేరు భార్యదే అయినా. అంతా ఆమెకే చెందాలనుకుంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో తెల్లకాగితం మీద వీలునామా రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సొంత జీవిత బీమా పాలసీకి మాత్రం 2015 సవరణ తర్వాత భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే డబ్బు వాళ్ళదే. ఒక ఇంట్లోనే పాలసీకి ఒక రూలు, ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి ఇంకో రూలు, తెలుసుకోకపోతే అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు.

ఇవన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్క కాగితం మీద రాయాలి. బ్యాంకు, బ్రాంచి, ఖాతా చివరి నాలుగు అంకెలు, పేరు ఆ రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే, జాయింటా ఒంటరా, నామినీ ఎవరు, ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తుంది. పిన్నులు, పాస్‌వర్డ్‌లు మాత్రం వద్దు. ఆ ఫోన్ నంబరు ఎప్పుడో మూసేసిన సిమ్‌దైతే అది ముందు మార్చాలి. మ్యూచువల్ ఫండ్లకి, వాటి రికార్డులు చూసే కామ్స్ లేదా కేఫిన్‌టెక్ వెబ్‌సైట్లో అడిగితే, ఈమెయిలు రికార్డులో ఉన్నదే అయితే, అన్ని కంపెనీల ఫోలియోలూ ఒకే స్టేట్‌మెంట్‌లో వస్తాయి, దాన్ని ప్రింటు తీసి ఆ కాగితానికే కుట్టేయండి. పోయినవారి డిపాజిట్ ఉన్నట్టు అనుమానం ఉండి ఏ బ్యాంకో తెలియకపోతే, రిజర్వ్ బ్యాంకు 2023లో పెట్టిన ఉద్గమ్ సైట్లో పేరు, పాన్ కొట్టి వెతకొచ్చు. కానీ అందులో దొరికేది పదేళ్ళు ఎవరూ ముట్టనివి.

చివరగా బ్యాంకుల వాళ్ళకి మా విన్నపం. ఇక్కడి బ్రాంచీల్లో ఫారాలు ఒడియా, హిందీ, ఇంగ్లీషులో ఉంటాయి, రోజూ వచ్చే ఖాతాదారుల్లో చాలామంది తెలుగు తప్ప మరేమీ చదవలేరు. నామినేషన్ ఫారం, క్లెయిమ్ ఫారం, రెండిటికి మాత్రం తెలుగు అనువాదం కౌంటర్ అద్దానికి అంటించండి. పాస్‌బుక్ ప్రింటు కోసం వచ్చిన పెద్దవాళ్ళని ఆ రెండు నిమిషాల్లో, మీ నామినీ ఇంకా ఉన్నారా, వాళ్ళకి పాన్ ఉందా అని అడగండి.