వాంతుల బిళ్ళ వేసుకున్నోడి చేతికి స్టీరింగ్ ఎప్పుడివ్వాలి?

మా కోనసీమలో ఎవరైనా భద్రాచలం వెళ్తున్నారంటే బ్యాగ్‌లో పులిహోర పొట్లం, కవర్లు, నిమ్మకాయలతో పాటు ఓ వాంతుల బిళ్ళల స్ట్రిప్ ఉండాల్సిందే. మెడికల్ షాపులో కూడా పేరు అడగరు, "బస్సులో వాంతులకి ఇవ్వండి" అంటే ఇచ్చేస్తాడు. అది ఎక్కువసార్లు ప్రోమెథజైన్ అయ్యుంటుంది, అవోమిన్ అంటే అందరికీ తెలుసు, అందులో ఉండేది ప్రోమెథజైన్ థియోక్లేట్ 25 మిల్లీగ్రాములు. బిళ్ళ మంచిదే, పని చేస్తుంది కూడా, నా గొడవల్లా దాన్ని మనం అరుగుదల బిళ్ళలా చూడ్డం గురించే.

అసలు ఇది ఎలర్జీ మందుల జాతి. జలుబుకి వేసుకుంటే నిద్రొచ్చే పాతకాలం బిళ్ళలున్నాయి కదా, వాటికి చుట్టం. ఘాట్‌లో వాంతి కడుపులో పుట్టదు, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం ఒకటి చెప్తుంటే కళ్ళు ఇంకోటి చెప్తాయి, ఆ గందరగోళం మెదడుకెక్కి కడుపు తిప్పుతుంది. ఈ బిళ్ళ మెదడులోనే ఆ కబురుని అణుస్తుంది, అక్కడే మెలకువని నిలబెట్టే వ్యవస్థని కూడా అణుస్తుంది, అంటే నిద్ర అనేది పక్కన అంటుకొచ్చిన సైడ్ ఎఫెక్ట్ కాదు, మందు పనిలో సగం. అందుకే నిద్ర రాని ఒండాన్‌సెట్రాన్ బిళ్ళ ఇస్తే చాలు కదా అనుకుంటారు కొందరు, అది కడుపు జబ్బు వాంతులకి బాగుంటుంది గానీ ప్రయాణం వాంతులు దానికి పెద్దగా ఆగవు.

మా బావ సంగతి చెప్తాను. అమలాపురం నుంచి కారులో భద్రాచలం, మారేడుమిల్లి మీదుగా. తెల్లవారుజామున మూడున్నరకి ఓ బిళ్ళ వేసుకుని వెనక సీట్లో పడుకున్నాడు, డ్రైవింగ్ వాళ్ళ తమ్ముడిది. మొదటి తప్పు ఇక్కడే, అసలు రావులపాలెం, రాజమండ్రి దాకా మన రోడ్డు బల్లపరుపు, కడుపు తిప్పేది మారేడుమిల్లి దాటాకే. బిళ్ళ ఘాట్‌కి గంటన్నర రెండు గంటల ముందు వేసుకుంటే సరిపోయేది, అంటే రాజమండ్రి టిఫిన్ దగ్గర. దర్శనం, భోజనం అయ్యాక తిరుగు ఘాట్ ఉంది కదా అని మధ్యాహ్నం రెండింటికి ఇంకోటి వేశాడు. గోకవరం వచ్చేసరికి తమ్ముడు అలిసిపోయాడు, రాత్రి ఏడున్నర. "నేను పొద్దుట్నించీ పడుకునే ఉన్నా, తే తాళం" అన్నాడు బావ.

లెక్క చూద్దాం. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గాలంటే పది పన్నెండు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువ. పన్నెండు అనుకున్నా పొద్దుటి బిళ్ళలో పదహారు గంటల తర్వాత పది మిల్లీగ్రాములు మిగిలాయి, మధ్యాహ్నం బిళ్ళలో ఐదున్నర గంటల తర్వాత పద్దెనిమిది. అంటే తాళం తీసుకునేసరికి ఇంచుమించు ఓ బిళ్ళకి పైనే ఒంట్లో ఉంది, ఇది ఉజ్జాయింపే అనుకోండి. వాంతులు ఆగే పని అప్పటికే అయిపోయింది, మత్తు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

రావులపాలెం బ్రిడ్జి మీద ఎదురొచ్చే లారీ లైట్లు కళ్ళలోకి చిమ్మినప్పుడు, దగ్గరికొచ్చేదాకా బ్రేక్ గుర్తు రాలేదట. కళ్ళు మూతలు పడలేదు, ఆవలింత కూడా లేదు. ఇదే మోసం, నిద్ర రాకపోయినా రియాక్షన్ నెమ్మదిస్తుంది. పైగా కంటిపాప పెద్దదై చూపు మసకేసి, లైట్లు గుచ్చుకోవచ్చు. తమ్ముడు అరిచాడు కాబట్టి కారు ఎడమకి జరిగింది.

నిద్రొస్తుందా అని అడిగితే లేదనే అంటాడు కాబట్టి అడగాల్సింది వేరే: నోరు ఎండిపోయిందా, ఫోన్‌లో అక్షరాలు మసకగా ఉన్నాయా. అలా ఉంటే మందు ఇంకా పని చేస్తున్నట్టే. లేకపోతే మాత్రం ఖాళీ అయిపోయిందని కాదు. నా లెక్కలో బిళ్ళ వేసుకున్న వాడు ఆ రోజంతా డ్రైవర్ కాదు, రాత్రి వేసుకుంటే మర్నాడు పొద్దున్న కూడా చూసుకోవాలి. ఒక పెగ్గో, జలుబు బిళ్ళో తోడైతే మత్తు ఇంకా చిక్కబడుతుంది, జలుబు బిళ్ళల్లో చాలావాటిలో ఇదే జాతి మందు ఉంటుంది మరి.

డ్రైవర్ ఒక్కడిదే కాదు ఈ బాధ. బస్సు దిగాక పెద్దమ్మని కాలవ గట్టు మీద బండి వెనక ఒక పక్కకి కూర్చోబెట్టి తీసుకెళ్తాం చూడండి, ఆ మత్తులో పట్టు జారితే? ఆటో మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళలో ప్రోస్టేట్ ఇబ్బంది, గ్లకోమా ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. రెండేళ్ళలోపు పిల్లలకైతే సిరప్ చుక్క కూడా వద్దు, ఊపిరి మందగించిపోతుంది.

ఇంకోటి, స్టీరింగ్ పట్టుకున్నోడికి మామూలుగా వాంతి రాదు, మలుపు వచ్చేది వాడికి ముందే తెలుసు. బావ కూడా ఆ రోజు బిళ్ళ మానేసి ఘాట్‌లో తనే నడిపి ఉంటే సరిపోయేది. ఈసారి వెళ్ళినప్పుడు అదే చేశాడు, వెనక సీట్లో మత్తుగా పడుకున్నది తమ్ముడు.