రెండు వారాల సమ్మర్ స్కూల్‌తో అడ్మిషన్ రాదు

“పేరున్న విదేశీ యూనివర్సిటీలో సమ్మర్ స్కూల్ చేస్తే మాస్టర్స్ సీటు సగం వచ్చినట్టే. ఊరికే తీసుకోరు, సెలెక్ట్ చేస్తారు. సర్టిఫికెట్ మీద యూనివర్సిటీ పేరుంటుంది, ప్రొఫెసర్ రికమండేషన్ లెటర్ ఇస్తారు. అప్పు చేసైనా వెళ్లండి.”

ఇలా ఎవరైనా చెబితే నమ్మేయకండి. ముందు ఆ పేరు సంగతి చూద్దాం. వేసవి సెలవుల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీలు తమ గదులు, హాళ్లు బయటి సంస్థలకు అద్దెకిస్తాయి, అక్కడ నడిచే చాలా కోర్సులకు యూనివర్సిటీతో ఉన్న సంబంధం ఆ అద్దె వరకే. బ్రోషర్ మీద పాత భవనాల ఫొటో చూసి నమ్మేయకండి. సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిది, ఫీజు ఎవరి ఖాతాలోకి వెళ్తుంది, యూనివర్సిటీ సొంత సైట్‌లో ఆ కోర్సు ఉందా లేదా, ఈ మూడూ చూస్తే విషయం తేలిపోతుంది.

ఇక సెలెక్షన్. అప్లై చేసిన రెండు రోజులకే “మీరు ఎంపికయ్యారు, శుక్రవారంలోపు కడితే తగ్గింపు” అని మెయిల్ వచ్చిందంటే వాళ్లు చూసింది మీ మార్కులు కాదు.

అసలు చూడాల్సింది క్రెడిట్లు. కోర్సు యూనివర్సిటీదే అయినా, హాజరైనట్టు ఇచ్చే కాగితం వేరు, మార్కులతో ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్ వేరు. యూరప్ యూనివర్సిటీలు చదువును కొలిచే ఇ.సి.టి.ఎస్. పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. పది రోజులు, రోజుకు ఐదు గంటల క్లాసు, మొత్తం 50 గంటలు అనుకుందాం. దానికి 3 క్రెడిట్లు ఇస్తామంటే కనీసం 75 గంటల పని ఉండాలి కదా, మిగతా 25 గంటలు చదవడానికి, అసైన్‌మెంట్‌కి, పరీక్షకి పోవాలి. సాయంత్రాలన్నీ సిటీ టూర్లు, చివర్లో పరీక్షే లేదు అంటే ఆ 3 క్రెడిట్లు ఎక్కడివో అడగండి. మీ కాలేజీ వాటిని లెక్కలోకి తీసుకుంటుందో లేదో కూడా డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

లెటర్ విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే దీని మీద ఆశతోనే చాలామంది అప్పు చేస్తున్నారు. యాభై మంది కూర్చున్న క్లాసులో రెండు వారాలు చూసిన ప్రొఫెసర్ మీ గురించి ఏం రాయగలరు? “శ్రద్ధగా హాజరయ్యారు” అని రాస్తారు. మీ ప్రాజెక్టులో లెక్క ఎక్కడ తప్పిందో, మీరు దాన్ని ఎలా సరిచేశారో ఆరు నెలలు దగ్గరుండి చూసిన మీ లెక్చరర్ రాసే అరపేజీ ముందు అది నిలవదు.

ఖర్చంటారా, నిజంగా సెలెక్ట్ చేసే చోట్ల చాలాసార్లు డబ్బు అడగరు. ఇటలీలోని ట్రియెస్టేలో ఐ.సి.టి.పి. అనే అంతర్జాతీయ పరిశోధన కేంద్రం ఫిజిక్స్, గణితంలో పెట్టే స్కూళ్లకు సాధారణంగా రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వచ్చేవాళ్లలో కొందరికి ప్రయాణ ఖర్చు కూడా ఇస్తారు. అయితే అవి ఎక్కువగా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకి, ఆపై స్థాయివాళ్లకి.

డబ్బు పెట్టి వెళ్లడానికి నేను ఒప్పుకునేది ఒక్క సందర్భంలోనే: మీ థీసిస్‌కి కావలసిన పద్ధతి ఏదో మీ దగ్గర నేర్పేవాళ్లు లేరు, అక్కడ ల్యాబ్‌లో మీ చేతే చేయిస్తారు. అప్పుడు కూడా అప్లికేషన్‌లో రాయాల్సింది దానితో మీరు తర్వాత చేసిన పని గురించే.